పదో తారీఖు దాటిన డబ్బు

ఈ వీధి చివరి దర్జీ ఒకసారి బ్యాంకునే మూయించాడు. ఒంటిచేత్తో. మెడలో టేపు వేలాడుతుండగా వెళ్ళి, గొంతెత్తి నాలుగు మాటలు అనేసరికి గేటుకి తాళం పడింది, క్యాషియరు బల్ల కింద దూరాడు, మేనేజరు వెనక గుమ్మం గుండా పరారయ్యాడు.

సరే, బ్యాంకంతా కాదు. నాలుగో కౌంటరు. తాళం కూడా పడలేదు, 'ఈ కౌంటరు మూసివేయబడినది' అన్న చెక్క పలక పెట్టారు. క్యాషియరు బల్ల కిందికి వంగాడు గానీ, అది రబ్బరు స్టాంపు పడిపోయినందుకు. మేనేజరు వెనక గుమ్మం గుండా వెళ్ళిన మాట మాత్రం నూటికి నూరుపాళ్ళూ నిజం. అది ఆయన భోజనం వేళ.

ఆ దర్జీని ఎదురుగా మాస్టారనీ, చాటుగా పదో తారీఖు అనీ పిలుస్తారు. ఆ పేరు ఎవరు పెట్టారో తెలియదు గానీ, దాన్ని ముప్పై ఏళ్ళుగా మోస్తున్నది మాత్రం ఆయన భార్య. నెలలో మొదటి పది రోజులు ఆ ఇల్లు పెళ్ళివారిల్లు. కావలసిన దారం, అస్తరు గుడ్డ, ఇంటికి పప్పూ ఉప్పూ, మందులూ మాత్రలూ అన్నీ ఆ లోపలే కొనాలి. పదో తారీఖు సాయంత్రం మాస్టారు మిగిలిన డబ్బు బ్యాంకులో కట్టి వచ్చి, పాసుపుస్తకాన్ని బీరువాలో పెట్టి, తాళంచెవిని మొలతాడుకి కట్టుకునేవాడు. ఇక ఒకటో తారీఖు దాకా ప్రళయం వచ్చినా ఆ తాళం తెరుచుకునేది కాదు. ఒకసారి ఆవిడ కళ్ళజోడు పన్నెండో తారీఖున విరిగింది. మిగతా నెలంతా ఒక పక్క కాడకి బదులు దారం కట్టుకుని, కాజాలు తడుముకుంటూ కుట్టింది.

"పదకొండో తారీఖు నుంచి పైసా తీసినా వడ్డీకి చిల్లు పడుతుందే" అనేవాడు మాస్టారు. "పది నుంచి నెలాఖరు దాకా ఖాతాలో అన్నిటికన్నా తక్కువ ఏ రోజు ఉందో చూసి, ఆ తక్కువ మీదే నెల మొత్తానికి వడ్డీ కడతారు. మా నాన్న చెప్పాడు. మా నాన్నకి బ్యాంకు వాళ్ళే చెప్పారు."

అంతటితో ఆగితే ఆవిడ సర్దుకుపోయేది. కానీ మాస్టారికి ఇంకో ఆలోచన వచ్చింది. పదో తారీఖు లోపల ఉన్న డబ్బుని ఎలాగూ లెక్కలోకి తీసుకోరు కదా, మరి ఆ రోజుల్లో మన డబ్బు వాళ్ళింట్లో ఊరికే ఎందుకు పడుకోవాలి? అందుకని ప్రతి నెలా ఒకటో తారీఖు పొద్దున్నే వెళ్ళి, ఖాతాలో ఉన్న లక్షలో ఎనభై వేలు తీసుకొచ్చేవాడు. దాన్ని పాత కోటు గుడ్డలో చుట్టి, ట్రంకు పెట్టె అడుగున పెట్టి, పైన అస్తరు ముక్కలు కప్పేవాడు. కొంత ఖర్చయ్యేది, కొంత కుట్టుకూలీ వచ్చి చేరేది. పదో తారీఖున మళ్ళీ ఎనభై వేలూ బ్యాంకుకి నడిచి వెళ్ళేవి. ఆ రోజులన్నీ ఆవిడకి సరిగ్గా నిద్ర ఉండేది కాదు. పిల్లి నడిచినా దొంగే, ఎలుక కదిలినా దొంగే. ట్రంకు పెట్టె మీదే దుప్పటి పరుచుకుని నడుం వాల్చేది.

ఇంత కాపలా కాసినందుకు వచ్చిన లాభం ఏమిటంటే, ప్రతి మూడు నెలలకీ ఒక గొడవ. బ్యాంకు వాళ్ళు మూడు నెలల వడ్డీ ఒకేసారి ఖాతాలో వేసేవారు. మాస్టారు చాక్‌తో గోడ మీద లెక్క వేసుకుని, ఏడాదికి నూటికి మూడున్నర చొప్పున లక్షకి మూడు నెలలకి ఎనిమిది వందల డెబ్బై అయిదు రావాలని తేల్చి వెళ్ళేవాడు. పాసుపుస్తకంలో చూస్తే ఆరు వందల అరవై చిల్లర. నాలుగో కౌంటరు దగ్గర నిలబడి, రెండు వందలు ఏమయ్యాయో చెప్పమనేవాడు. అవతల కూర్చున్న ఉద్యోగిని, ఆయన వెనక ఉన్న వరస చూసి, "డైలీ బ్యాలెన్సు మాస్టారూ, కంప్యూటరు వేస్తుంది" అనేది. ఆయన ఇంటికొచ్చి, "ఆ కంప్యూటరుకి లెక్కలు రావే" అని చెప్పేవాడు. ఏడాదికి నాలుగుసార్లు ఇదే తంతు. నాలుగుసార్లూ అన్నం చల్లారిపోయేది.

ఇదిలా ఉండగా ఓవర్‌లాక్ మెషీను సంగతి వచ్చింది.

బట్ట అంచులు పీచులు ఊడిపోకుండా చుట్టూ దారం అల్లేదే ఆ మెషీను. అది లేని దుకాణాల్లో ఆ పని చేత్తోనే చేయాలి. మాస్టారి దుకాణంలో ఆ చెయ్యి ఆవిడది. ఆ ఏడాది పక్క వీధి బడి వాళ్ళు యూనిఫారాలన్నీ వీళ్ళకే ఇచ్చారు. రెండు వందల జతలు. నిక్కరుకి నాలుగు అంచులు, చొక్కాకి ఆరు. సగం కూడా కాకుండానే ఆవిడ కుడిచేతి బొటనవేలు తిమ్మిరెక్కడం మొదలుపెట్టింది. సూది పట్టుకుంటే ఉందో జారిందో తెలిసేది కాదు. డాక్టరు చూసి, ఈ పని ఇలాగే చేస్తే ఆ వేలు ఇక మాట వినదని చెప్పాడు. మాట విననివాళ్ళు ఇంట్లో ఒకరు ఉన్నారు చాలు, రెండోది ఎందుకని ఆవిడ అనుకుంది.

పద్నాలుగో తారీఖు పొద్దున, పై వీధిలో దుకాణం ఎత్తేస్తున్న ముసలి దర్జీ కబురు పెట్టాడు. ఓవర్‌లాక్ మెషీను పద్ధెనిమిది వేలకి ఇస్తాడట. సాయంత్రం అయిదింటి దాకా చూస్తాడట. ఆ తరవాత రెడీమేడ్ షాపతను ఆటో తీసుకుని వస్తాడట.

ఆవిడ కబురు తీసుకుని వచ్చేసరికి మాస్టారు ప్యాంటు కత్తిరిస్తున్నాడు.

"ఏవండీ, తాళంచెవి ఇవ్వండి."

"తారీఖు ఎంత?"

"పద్నాలుగు. నాకూ తెలుసు."

"తెలిసీ అడుగుతున్నావా? ఒకటో తారీఖున చూద్దాం."

"ఒకటో తారీఖుకి ఆ మెషీను రెడీమేడ్ షాపులో ఉంటుంది, నా వేలు ఆసుపత్రిలో ఉంటుంది."

"వేలు ఎక్కడికీ పోదులే" అన్నాడు మాస్టారు, చాక్ గీతని ఊదుతూ. "నెల వడ్డీ పోతే మాత్రం మళ్ళీ రాదు."

"ఎంత పోతుంది?"

"చాలా."

"చాలా అంటే ఎంత?"

మాస్టారు కత్తెర ఆపి ఆలోచించాడు. ముప్పై ఏళ్ళలో ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు. "అదంతా నీకు అర్థం కాదులే" అని మళ్ళీ కత్తిరించడం మొదలుపెట్టాడు.

ఆవిడకి తలప్రాణం తోకకొచ్చింది. అరిచి లాభం లేదు. అరుపుల్లో ఆయనది ఎప్పుడూ పైచెయ్యే. మధ్యాహ్నం ఆయన స్నానానికి వెళ్ళినప్పుడు మొలతాడు గూట్లో పెట్టి వెళ్ళాడు. ఆవిడ తాళంచెవి తీసింది, పాసుపుస్తకం సంచిలో వేసింది, చెప్పులు చేత్తో పట్టుకుని గుమ్మం దాటింది. ఖాతా ఇద్దరి పేరునా ఉంది, ఎవరు సంతకం చేసినా చెల్లుతుంది. ఆ మాట ఖాతా తెరిచిన రోజున విన్నది. అప్పటి నుంచి జాగ్రత్తగా దాచుకుంది.

బ్యాంకులో ఫ్యాన్లు తిరుగుతున్నాయి గానీ గాలి మాత్రం మేనేజరు గదిలోకే పోతోంది. టోకెను తీసుకుని నాలుగో కౌంటరు ముందు కూర్చుంది. తన వంతు వచ్చాక, పాసుపుస్తకం ముందుకి తోసి, "ఇందులోంచి ఇవాళ పద్ధెనిమిది వేలు తీస్తే ఎంత వడ్డీ పోతుందమ్మా?" అని అడిగింది.

కౌంటరు ఉద్యోగిని పాసుపుస్తకం మీద పేరు చూసింది. కళ్ళజోడు తీసి తుడుచుకుంది.

"మాస్టారి ఇంటావిడా మీరు?"

"అవును."

"ఆయన పంపించారా?"

"ఆయన స్నానం చేస్తున్నారు. నీళ్ళు అయిపోయేలోపు చెప్పు తల్లీ."

ఉద్యోగినికి ఎందుకో నవ్వొచ్చింది. కాలిక్యులేటరు దగ్గరికి లాక్కుంది. "ఇవాళ్టి నుంచి నెలాఖరు దాకా ఆ డబ్బు లేకపోతే ముప్పై రూపాయలు కూడా పోవు. ఇరవై తొమ్మిది చిల్లర."

"నెల మొత్తం వడ్డీ పోదూ? పదో తారీఖు దాటిపోయింది కదా."

"పదో తారీఖేమిటి?"

ఆవిడ చెప్పింది. మామగారు చెప్పిన మాట, ఆయనకి బ్యాంకువాళ్ళు చెప్పిన మాట, ఒకటి నుంచి పది దాకా ట్రంకు పెట్టె కాపలా, దారం కట్టిన కళ్ళజోడు, పొద్దున మాస్టారు 'చాలా' పోతుందన్న మాట. ఉద్యోగిని కలం కింద పెట్టేసింది.

"అమ్మా, పూర్వం అలాగే ఉండేది. మీ మామగారిది తప్పు కాదు. ఆ లెక్క ఎత్తేసి చాలా ఏళ్ళయింది. ఇప్పుడు రోజు లెక్క. ప్రతి రోజూ ముగిసేసరికి మీ ఖాతాలో ఎంత మిగిలిందో, దాని మీద ఆ ఒక్క రోజుకి వడ్డీ కడతారు. కట్టి పక్కన ఉంచుతారు. మూడు నెలలవీ కూడి ఒకేసారి ఖాతాలో వేస్తారు."

"అంటే, కాజాకి ఇంత అని రోజూ లెక్క రాసుకుని, వారం చివర కూలీ ఇచ్చినట్టా?"

"సరిగ్గా అలాగే. నిన్న కుట్టిన కాజాల కూలీ ఇవాళ సెలవు పెడితే పోతుందా? పోదు. ఇవాళ్టిదే రాదు."

"మరి పదో తారీఖు?"

"పదో తారీఖూ ఒక రోజే. దానికి కొమ్ములేం లేవు."

"అయితే మరి ఆ ఒకటో తారీఖున తెచ్చుకుంటున్న ఎనభై వేలు?" అంది, సమాధానం తెలుస్తూనే.

ఉద్యోగిని మీటలు నొక్కింది. "తొమ్మిది రాత్రులు మీ ఇంట్లో పడుకుంటాయి. పదిన కడతారు కాబట్టి ఆ రోజు లెక్కకి వచ్చేస్తాయి. తొమ్మిది రోజులకీ కలిపి నెలకి అరవై తొమ్మిది రూపాయలు పోతున్నాయి. మూడు నెలలకి రెండు వందల ఏడు. మాస్టారు వచ్చి మూడు నెలలకోసారి నన్ను అడుగుతున్న రెండు వందలు ఇవే. నేను తినలేదు."

తన నిద్ర తనే పోగొట్టుకుని, డబ్బిచ్చి మరీ కాపలా కాసిందన్నమాట. ఆవిడకి ఆ ట్రంకు పెట్టెని తీసుకెళ్ళి మొగుడి నెత్తి మీద బోర్లించాలనిపించింది.

"ఇంకో మాట" అంది ఉద్యోగిని. "ఆ పాత లెక్కే ఉందనుకున్నా, పద్ధెనిమిది వేలు తీస్తే ఆ నెలకి పోయేది యాభై రెండు రూపాయలు. ఆయన చాలా అన్నారే, అది ఇంతే."

"ఫారం ఇవ్వమ్మా" అంది ఆవిడ.

నోట్లు చేతికొచ్చి, రెండోసారి లెక్కపెట్టుకుంటుండగా గుమ్మం దగ్గర అలికిడయింది. తడి జుట్టు, చొక్కా గుండీలు ఒకటి పైకీ ఒకటి కిందకీ, మెడలో టేపు. ఊరందరి గుండీలూ సరిగ్గా కుట్టే మనిషి తనవి సరిగ్గా పెట్టుకోలేదు.

"కట్టెయ్" అన్నాడు మాస్టారు ఆయాసపడుతూ. "ఇప్పుడే తిరిగి కట్టెయ్."

"ఎందుకు?"

"ఎందుకేమిటి, నెల వడ్డీ గంగలో కలుస్తోంది."

"నెల వడ్డీ కాదండీ, ఈ రోజుదే" అని ఉద్యోగిని మొదటి నుంచీ మళ్ళీ చెప్పింది. వరసలో ఉన్నవాళ్ళు ముందుకి వంగి విన్నారు. మాస్టారు వినలేదు. ఆయన కంప్యూటరు వంక చూస్తున్నాడు, పాత శత్రువుని చూసినట్టు.

"మా నాన్న అబద్ధం చెప్పాడంటావా?"

"మీ నాన్నగారి రోజుల్లో నిజమే మాస్టారూ. రూలు మారింది."

"మారితే నాకు చెప్పాలా వద్దా?"

"ప్రతి మూడు నెలలకీ చెప్పాను. డైలీ బ్యాలెన్సు అన్నాను."

"అది చెప్పడమా? అది తిట్టు అనుకున్నాను."

వరసలో ఎవరో నవ్వారు. ఉద్యోగిని ఒక కాగితం మీద ఒకటో తారీఖు నుంచి గళ్ళు గీసింది. మొదటి తొమ్మిది గళ్ళలో ఇరవై వేలు, పదో గడి నుంచి లక్ష. ఒక్కో గడి కింద ఆ రోజు వడ్డీ వేసింది. ఇరవై వేలున్న గడిలో రెండు రూపాయలు కూడా లేవు, లక్ష ఉన్న గడిలో తొమ్మిదిన్నర. మాస్టారు ఆ కాగితాన్ని తిప్పి చూశాడు, వెనక వైపు చూశాడు, వెలుతురుకి పట్టి చూశాడు, నాసిరకం గుడ్డని చూసినట్టు.

"ఇది నువ్వు గీశావు. బ్యాంకు గీయలేదు" అన్నాడు.

అప్పుడే ఉద్యోగిని చెక్క పలక తీసి కౌంటరు మీద పెట్టింది. వెనక ఉన్నవాళ్ళు గొణుక్కుంటూ మూడో కౌంటరుకి మారారు. మేనేజరు గది తలుపు సందులోంచి చూసి, క్యారేజీ పట్టుకుని వెనక గుమ్మం వైపు నడిచాడు.

"సరే మాస్టారూ" అంది ఉద్యోగిని, గొంతులో ఓపిక అడుగంటిపోగా. "ఇవాళ బ్యాంకు మూసేలోపు ఆ డబ్బు మళ్ళీ కట్టెయ్యండి. పొద్దున తీశారా, మధ్యాహ్నం తీశారా అన్నది లెక్కలోకి రాదు. రోజు ముగిసేసరికి ఖాతాలో ఉంటే ఇవాళ్టి వడ్డీలో పైసా కూడా తగ్గదు. రేపు మళ్ళీ ఇదే గొడవ పడదాం. సరేనా?"

మాస్టారి ముఖం వికసించింది. "అదీ మాట. కట్టెయ్యవే."

"కడితే అయిదింటికి మెషీను పోతుంది" అంది ఆవిడ.

"వడ్డీ మిగులుతుంది కదా."

ఆవిడ ఉద్యోగిని వైపు తిరిగింది. "ఈ పద్ధెనిమిది వేలకీ ఈ ఒక్క రోజుకీ వడ్డీ ఎంతమ్మా?"

"రూపాయి డెబ్బై రెండు పైసలు."

ఆవిడ నోట్లు జాకెట్టులో దోపుకుంది. కొంగుకి కట్టిన ముడి పళ్ళతో విప్పింది, ఎందుకంటే వేలు పనిచేయడం లేదు. పళ్ళతో విప్పుతున్నంతసేపూ మాస్టారు ఆ బొటనవేలినే చూశాడు. అది పక్కకి వాలి, ఎవరిదో అయినట్టు ఉంది. ఆవిడ రెండు రూపాయల బిళ్ళ తీసి ఆయన ముందు కౌంటరు మీద పెట్టింది.

"ఇదిగోండి మీ ఇవాళ్టి వడ్డీ. నా పుట్టింటి డబ్బు. రేపటిది రేపు ఇస్తాను. నెలాఖరు దాకా రోజూ సాయంత్రం ఇస్తాను. తీసుకోండి, మళ్ళీ తక్కువొచ్చిందనకండి."

మాస్టారు బిళ్ళ వంక చూశాడు. ఇంకొకరైతే సిగ్గుపడి వెనక్కి తోసేవాళ్ళు. మాస్టారు దాన్ని తీసుకుని చొక్కా జేబులో వేసుకున్నాడు. జేబు తడిమి, ఇరవై ఎనిమిది పైసలు దొరక్క, ఒక తెల్ల గుండీ తీసి ఆవిడ చేతిలో పెట్టాడు.

"చిల్లర" అన్నాడు. ఆగి, "పద, అయిదు కాకముందే వెళ్ళాలి. మోటారు నేను చూడందే కొనకు, వాడు కాలిన మోటారు అంటగట్టే రకం" అని ముందు నడిచాడు.

మెషీను ఇంటికి వచ్చింది. తోపుడుబండి మీద వచ్చింది, వెనకాల మాస్టారు దాన్ని రెండు చేతులతో పట్టుకుని, దారిలో ప్రతి గుంటనీ తిట్టుకుంటూ వచ్చాడు. యూనిఫారాలు రెండు రోజులు ఆలస్యంగా అయినా బడికి చేరాయి. ఆవిడ వేలు పూర్తిగా దారికి రాలేదు గానీ సూదికి పరాయిదైతే కాలేదు. నెలాఖరు దాకా రోజూ సాయంత్రం రెండు రూపాయలు ఇస్తానన్న ఒప్పందం మూడు రోజులు నడిచింది. నాలుగో రోజు మాస్టారి దగ్గర చిల్లరకి గుండీలు అయిపోయాయి.

ఒకటో తారీఖు పొద్దున ఆవిడ గుమ్మానికి అడ్డంగా పీట వేసుకుని కూర్చుంది. మాస్టారు సంచి పట్టుకుని రెండుసార్లు గుమ్మం దాకా వచ్చి, రెండుసార్లూ దారం ఉండ వెతుక్కుంటున్నట్టు వెనక్కి వెళ్ళాడు. ఎనభై వేలు బ్యాంకులోనే పడుకున్నాయి. ఆవిడ తన మంచం మీద పడుకుంది. ఆ మూడు నెలలూ గడిచాక ఇంకో మూడు నెలలు కూడా అలాగే గడిచాయి. వాటి వడ్డీ పడిన రోజున మాస్టారు పాసుపుస్తకం అచ్చు వేయించుకుని, రెండు వేళ్ళతో పట్టుకుని ఇంటికి తెచ్చాడు. మెషీను కొన్న డబ్బు ఖాతాలో లేకపోయినా వడ్డీ ఏడు వందలు దాటింది.

"చూశావా" అన్నాడు, దాన్ని ఆవిడ ఒళ్ళో పడేస్తూ. "నేను వెళ్ళి గట్టిగా నిలదీస్తే గాని దారికి రాలేదు. కంప్యూటరు బాగుచేయించుకున్నారు."

ఆవిడ మెషీను ఆపింది. ట్రంకు పెట్టె, తొమ్మిది రాత్రులు, దారం కట్టిన కళ్ళజోడు, ముప్పై ఏళ్ళు, అన్నీ ఒకేసారి గొంతు దాకా వచ్చాయి. ఆయన ముఖం వంక చూసింది. యుద్ధం గెలిచొచ్చిన ముఖం. అన్నీ మింగేసి, తల అడ్డంగా ఊపి, పెడల్ తొక్కింది.

ఈ కథంతా ఈమధ్య దుకాణం అరుగు మీద, పది మంది ముందు చదివి వినిపిస్తే మాస్టారు చివరి దాకా విన్నాడు. వెనక గదిలో ఓవర్‌లాక్ మెషీను గరగరమంటోంది. నోట్లో ఉన్న గుండుసూదులు ఒక్కొక్కటే తీసి దిండుకి గుచ్చాడు.

"ఇందులో ఒక్క ముక్క కూడా నిజం కాదు" అన్నాడు. "ఆ బ్యాంకు గడప నేనెప్పుడూ తొక్కలేదు. ఆ మెషీను నేనే ముచ్చటపడి, మా ఆవిడ వద్దు మొర్రో అంటున్నా వినకుండా కొన్నాను. నాకసలు ఖాతానే లేదు."

వెనక గదిలో మెషీను ఆగింది. ఒక క్షణం తరవాత మళ్ళీ మొదలైంది.

"లేదు" అన్నాడు మాస్టారు అటు తిరిగి, ఇంకాస్త గట్టిగా.